అన్నకు అరచేతులు, అరికాళ్లు పెచ్చులు కడుతున్నాయి, గోళ్ల మీద చుక్కలు: ఇది ఫంగసా, సొరియాసిసా?

గుంటగట్టు_రమణ
మా అన్నకు 43 ఏళ్లు. అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పని. రెండు అరచేతులూ మందంగా పెచ్చు కట్టి, గీతల వెంట పగిలి రక్తం వస్తోంది. మడమలదీ అదే పరిస్థితి. చేతి గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చుక్కలున్నాయి, కాలి గోళ్లు పసుపుపచ్చగా లావెక్కి పైకి లేస్తున్నాయి. ఫంగస్ అని చెప్పి మూడు నెలలు టెర్బినాఫిన్ 250 వాడించారు, గోళ్లలో ఏ మార్పూ లేదు. షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే వారంలో తగ్గుతుంది, ఆపితే అంతకంత వస్తుంది. మధ్యలో ఒక ఊళ్లో ఇంజెక్షన్ చేశారు. పది రోజులు చేతులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ తర్వాత ముందుకంటే ఎక్కువగా పొంగింది. ఇప్పుడు ఇంకొకరు సొరియాసిస్ అంటున్నారు. గుంట కాడ తోటి పనివాళ్లు ఆయన తాగిన గ్లాసు ముట్టుకోవడం లేదు. అసలు ఇది ఏ జబ్బో ఎలా తెలుస్తుంది?

ఆక్వా_శీను
ఎప్పుడూ నీళ్లలో పని అంటే ఫంగస్సే బ్రదర్. మా సైటులో సగం మందికి కాలి గోళ్లు అలాగే ఉంటాయి. మూడు నెలలు చాలదు, ఆరు నెలలు వాడమనండి. నాకు బొటనవేలు గోరు అలాగే బాగైంది.

చీమకుర్తి_బాషా
మా బావమరిదికి అరచేతులు ఇలాగే పగిలితే సిమెంటు పడదని తేలింది. వీపు మీద పట్టీలు అంటించి టెస్టు చేశారు. గుంటల్లో సున్నం, బ్లీచింగ్ చల్లుతారు కదా, అది పడటం లేదేమో చూడండి. కాకపోతే మావాడికి తెగ దురద, చిన్న చిన్న నీటి పొక్కులు కూడా వచ్చేవి.

పొదిలి_పద్మ
నాకు సొరియాసిస్ వచ్చి చాలా ఏళ్లయింది. రమణా, మూడు విషయాలు చెప్పు. రెండు చేతులకీ ఒకేలా ఉందా? మోచేతులు, తల, చెవుల వెనక, బొడ్డు, పిరుదుల మధ్య చీలిక, వీటిలో ఎక్కడైనా పొట్టు రాలుతోందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

గుంటగట్టు_రమణ
రెండు చేతులకీ అచ్చం ఒకేలా ఉంది పద్మక్కా. తలలో చుండ్రు అని ఏళ్లుగా షాంపూలు మారుస్తూనే ఉన్నాడు. మిగతా చోట్ల నేను చూడలేదు, ఇవాళ చూస్తాను. మా మేనత్తకు మోకాళ్ల మీద ఏదో పొట్టు ఉండేదని అమ్మ అంటోంది. దురద కొంచెమే, మంట, నొప్పి ఎక్కువ. గోళ్లలో ఇంకో తేడా ఉంది: రెండు మూడు గోళ్ల కింద నూనె చుక్క పడ్డట్టు గోధుమరంగు మచ్చలున్నాయి.

చర్మం_డాక్టరమ్మ
ఒంగోలులో చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. చూడకుండా జబ్బు తేల్చలేను కానీ, రమణ గారు చెప్పినవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

గోరు తయారయ్యేది బయట కనిపించే చోట కాదు, వెనక చర్మపు మడత కింద ఉండే మొదట్లో. సొరియాసిస్ ఆ మొదట్లో అక్కడక్కడా పట్టినప్పుడు ఆ చోట గోరు కణాలు గట్టిగా అతుక్కోవు. గోరు ముందుకు పెరిగేకొద్దీ అవి రాలిపోయి గుంత మిగులుతుంది. మీరు చెప్పే చుక్కలు అవే. అదే జబ్బు గోరు కింది చర్మంలో ఉంటే ఆ నూనె చుక్క లాంటి మచ్చ వస్తుంది, గోరు చివర లేస్తుంది, కింద పొట్టు పేరుకుంటుంది. ఫంగస్ ఎక్కువగా గోరు అంచు నుంచి లోపలికి పాకుతుంది, ఇలాంటి చుక్కలు వేయదు. అయితే చుక్కలు ఒక్కటే చూసి తేల్చకూడదు. ఎగ్జిమాలోనూ, పేనుకొరుకుడు ఉన్నవాళ్లలోనూ చుక్కలు వస్తాయి. చుక్కలతో పాటు నూనె మచ్చ, రెండు చేతులకీ ఒకేలా రావడం, తలలో పొట్టు, ఇంటి చరిత్ర కలిసినప్పుడు అనుమానం బలపడుతుంది.

చిక్కంతా కాలి గోళ్లతోనే. లావెక్కి పసుపుపచ్చగా మారిన కాలి గోరును కంటితో చూసి ఏ జబ్బో చెప్పడం మాకూ కష్టమే. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. అందుకే గోరు కింది పొట్టును, అరచేతి పెచ్చు అంచును గీకి కేఓహెచ్ పరీక్ష చేస్తాం. ఫంగస్ ఉందో లేదో అదే రోజు తెలుస్తుంది. గోరు ముక్కను ల్యాబుకు పంపి ఫంగస్‌ను పట్టి చూపించే రంగు వేయించి చూస్తే ఇంకొంచెం నమ్మకంగా ఉంటుంది. మూడు నెలలు మందు మింగించే ముందు చేయాల్సిన పరీక్ష ఇది.

ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్తాను. సొరియాసిస్ అంటుకోదు. గ్లాసు వల్ల రాదు, కంచం వల్ల రాదు, చెయ్యి కలిపితే రాదు.

ఆక్వా_శీను
మేడమ్, మరి టెర్బినాఫిన్ వాడాక నా గోరు ఎలా బాగైంది?

చర్మం_డాక్టరమ్మ
మీది ఫంగస్ అయి ఉంటుంది శీను గారూ, అందుకే బాగైంది. ఒక్క బొటనవేలు, అదీ అంచు నుంచి మొదలైతే నేనూ ముందు ఫంగస్‌నే అనుమానిస్తాను. రమణ గారి అన్న విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ మందు ఆపేశాక కూడా గోరులో నెలల తరబడి నిలవుంటుంది. ఇప్పుడు పరీక్షలో ఫంగస్ లేదని వచ్చినా పూర్తిగా నమ్మలేం. మాత్రలు ఎప్పుడు ఆపారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

చీమకుర్తి_బాషా
సున్నం, బ్లీచింగ్ సంగతి మరి?

చర్మం_డాక్టరమ్మ
మీ అనుమానం వదిలేయాల్సింది కాదు బాషా గారూ. అవి సొరియాసిస్‌ను పుట్టించవు కానీ రేపుతాయి. ఈ జబ్బున్న చర్మం ఎక్కడ ఒరుసుకున్నా, కోసుకున్నా, మండినా ఆ చోటే కొత్తగా లేస్తుంది. వల లాగే చెయ్యి, బ్లీచింగ్ కలిపే చెయ్యి కాబట్టి అరచేతులు మానవు. అలర్జీ కూడా తోడై ఉండొచ్చు, పట్టీల టెస్టు చేయించడంలో తప్పులేదు. అరచేతుల్లో ఎగ్జిమాకూ సొరియాసిస్‌కూ తేడా కొన్నిసార్లు ముక్క తీసి మైక్రోస్కోపులో చూసినా స్పష్టంగా దొరకదు. అప్పుడు గోళ్లు, తల చూసే నిర్ణయానికి వస్తాం.

వింజమూరు_పెద్దాయన
అబ్బయ్యా, ఇంగిలీషు మందులతో ఇది పోదు. వంకాయ, ఎండుచేప, గోంగూర మానేసి వేపనూనె పూయమను. మా వీధిలో ఒకాయనకు అట్లాగే తగ్గింది.

పొదిలి_పద్మ
పెద్దాయనా, నేను రెండేళ్లు వంకాయ ముట్టలేదు. జబ్బు దాని దారిన అది వచ్చింది, పోయింది. ఇది ఏ మందూ లేకుండానే కొన్నాళ్లు తగ్గే జబ్బు. ఆ సమయంలో మనం ఏం మానేసి ఉంటే దానికి పేరొస్తుంది. నూనె పూయడం మంచిదే, చర్మం మెత్తబడుతుంది. పేరు లేని పొట్లం మందులు మాత్రం వద్దు, నాకు ఇచ్చిన పొడిలో స్టిరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది.

వింజమూరు_పెద్దాయన
మందూ మాకూ (నా ఉద్దేశంలో సారా) మానమని అయినా చెప్పండి మరి.

పొదిలి_పద్మ
ఆ మాటకు నేనూ ఓటేస్తాను.

కావలి_మందులషాపు
రమణా, ఆ ట్యూబు మీద ఏం రాసుందో పెట్టు.

గుంటగట్టు_రమణ
క్లోబెటాసోల్, మైకోనజోల్, నియోమైసిన్ అని ఉంది.

కావలి_మందులషాపు
అనుకున్నాను. స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ ఒకే ట్యూబులో. ఏ జబ్బైనా నాలుగు రోజులు తగ్గినట్టే కనిపిస్తుంది. నిజంగా ఫంగస్ అయితే ఆ స్టిరాయిడ్ వల్ల రూపం మారిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టలేడు. సొరియాసిస్ అయితే నచ్చినప్పుడు పూసి ఆపేయడం వల్ల తిరగబెడుతుంది. చీటీ లేకుండా అడిగితే నేను ఇవ్వను, దానికి రోజూ ఎవరో ఒకరితో గొడవే.

చర్మం_డాక్టరమ్మ
ఆ ఇంజెక్షన్ గురించి కూడా. పది రోజులు తగ్గి పొంగిందంటే అది స్టిరాయిడ్ ఇంజెక్షన్ అయి ఉంటుంది. సొరియాసిస్‌కు లోపలికి స్టిరాయిడ్ ఇచ్చి ఆపితే జబ్బు ఉధృతంగా తిరగబడుతుంది, ఒక్కోసారి ఒళ్లంతా చీము పొక్కులుగా లేస్తుంది. మళ్లీ ఎవరైనా వేస్తామంటే ఒప్పుకోవద్దు.

గుంటగట్టు_రమణ
ట్యూబులో ఉన్నది స్టిరాయిడే, డాక్టర్లు రాసేదీ స్టిరాయిడే అంటున్నారు. మరి తేడా ఎక్కడుంది?

చర్మం_డాక్టరమ్మ
పూసే పద్ధతిలో ఉంది. అరచేతి చర్మం మామూలుగానే మందం. దాని మీద పెచ్చు ఉంటే ఎంత గట్టి మందు పూసినా పైనే ఉండిపోతుంది. ముందు పెచ్చు దించాలి. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరకముందే సాలిసిలిక్ యాసిడ్ 6 శాతం ఆయింట్‌మెంట్ గానీ యూరియా క్రీము గానీ పూయాలి. పగుళ్లలోంచి రక్తం వచ్చే రోజుల్లో సాలిసిలిక్ మండిస్తుంది, అప్పుడు ఉట్టి వ్యాసలీన్‌తో పగులు మూసుకోనివ్వాలి. మడమల పెచ్చును బ్లేడుతో చెక్కడం, రాతితో గీకడం వద్దు. గాయమైన చోటే ఇంకో పెచ్చు లేస్తుందని పైన చెప్పాను.

పెచ్చు పలచబడ్డాక రాత్రిపూట క్లోబెటాసోల్ ఆయింట్‌మెంట్. అరచేతులకు క్రీముకంటే ఆయింట్‌మెంటే మేలు. చూపుడువేలి చివరి కణుపు పొడవున మందు పిండితే రెండు అరచేతులకూ చాలు. పైన నూలు గ్లవ్స్ వేసుకుని పడుకోవాలి, అరికాళ్లకు మేజోళ్లు. రెండు నుంచి నాలుగు వారాలు రోజూ పూసి, తగ్గాక ఒక్కసారిగా ఆపకుండా వారానికి రెండు రాత్రులకు తగ్గించాలి. షాపు ట్యూబు వాడకంలో లేనిది ఈ తగ్గించే మెట్టే. డాక్టరు కాల్సిపోట్రియాల్ రాస్తే దాన్ని సాలిసిలిక్‌తో ఒకే పూట పూయకండి. ఆ యాసిడ్ తగిలితే కాల్సిపోట్రియాల్ పనిచేయకుండా పోతుంది.

పొదిలి_పద్మ
ప్లాస్టిక్ కవరు చుట్టుకుంటే ఇంకా బాగా దిగుతుంది, కానీ డాక్టరు చెప్పినన్ని రాత్రులే. నేను ఎక్కువ చుట్టి చర్మం పలచబడి బాధపడ్డాను. పగటిపూట అన్నను రబ్బరు గ్లవ్స్ లోపల నూలు గ్లవ్స్ వేసుకోమను. ఉత్త రబ్బరులో చెమట పట్టి ఇంకా నానుతుంది.

గూడూరు_గీత
నాకు అరచేతుల్లో, పాదాల్లో పసుపుపచ్చ చీము పొక్కులు వస్తాయి, ఎండి గోధుమరంగులోకి మారి పొట్టు రాలుతుంది. చీము ఉందని యాంటీబయాటిక్స్ ఇస్తూనే ఉన్నారు. ఇదీ సొరియాసిసేనా? నాకు 26 ఏళ్లు.

చర్మం_డాక్టరమ్మ
అది దగ్గరి చుట్టం లాంటి జబ్బు గీత గారూ. ఆ చీములో సాధారణంగా క్రిములు ఉండవు, అందుకే యాంటీబయాటిక్స్‌తో తగ్గదు. దీనికీ పొగకూ బలమైన సంబంధం ఉంది. మీరు తాగకపోయినా ఇంట్లో తాగుతుంటే చెప్పండి. మీ వయసుకు ఒక హెచ్చరిక: అరచేతుల మందం పెచ్చుకు అసిట్రెటిన్ అనే మాత్ర బాగా పనిచేస్తుంది, కానీ గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. ఆపాక మూడేళ్లదాకా గర్భం రాకూడదు. పిల్లలు కావాలనుకునే వయసు అమ్మాయిలకు దాదాపు రాయం. ఎవరైనా రాస్తే ఈ విషయం అడగండి.

గూడూరు_గీత
మా ఆయన సిగరెట్లు బాగా తాగుతారు. ఈ పోస్టు ఆయనకు చూపిస్తాను.

గుంటగట్టు_రమణ
ఇవాళ అన్నను స్కిన్ డాక్టరుకు చూపించాం. బొడ్డులో, పిరుదుల మధ్య కూడా ఎర్రగా పొట్టు ఉంది, మేం ఎవరం చూడనేలేదు. అరచేతి పెచ్చు గీకి చూస్తే ఫంగస్ లేదు. కాలి గోరు ముక్క ల్యాబుకు పంపారు. సొరియాసిస్ అనే చెప్పారు. చేతులతోనే బతుకు కాబట్టి పూత ఒక్కటే చాలదని, రక్త పరీక్షలు, కాలేయం, కిడ్నీ, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే తీయించాక మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. వారానికి 7.5 మిల్లీగ్రాములు, 2.5వి మూడు మాత్రలు. తోడుగా ఫోలిక్ యాసిడ్. నెట్‌లో చూస్తే క్యాన్సర్ మందని ఉంది, వదినకు టెన్షన్ పట్టుకుంది.

కావలి_మందులషాపు
క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు వేరు, చాలా ఎక్కువ. దానికి భయపడొద్దు. భయపడాల్సింది వేరే ఉంది. ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మా కస్టమర్ ఒకాయన చీటీ సరిగా అర్థం చేసుకోక రోజూ వేసుకున్నాడు. నోరంతా పుండ్లు, అన్నం మింగలేడు, రక్త కణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరాడు. పైగా ఈ మాత్రా, ఫోలిక్ యాసిడ్ మాత్రా రెండూ చిన్నవి, పసుపుపచ్చవి. పొరపాటుకు అంతకన్నా ఏం కావాలి. వారంలో ఏ రోజో నిర్ణయించుకుని మెథోట్రెక్సేట్ స్ట్రిప్ మీద పెన్నుతో ఆ రోజు పేరు రాయండి. రెండు మందులూ వేరు వేరు డబ్బాల్లో పెట్టండి. మాత్రలు వదిన చేతిలో ఉంటే ఇంకా మంచిది.

చర్మం_డాక్టరమ్మ
షాపు ఆయన చెప్పినదంతా నిజం. నోట్లో పుండు, జ్వరం, ఎక్కడైనా కమిలిన మచ్చలు కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి అదే రోజు రక్త పరీక్షకు వెళ్లాలి. కాలేయం మీద భారం కాబట్టి మద్యం మానాలి. వేరే జబ్బుకు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మందు వాడుతున్నట్టు చెప్పాలి, కో-ట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్ దీంతో కలిస్తే చాలా ప్రమాదం. పిల్లల ఆలోచన ఇంకా ఉంటే అదీ ముందే చెప్పమనండి.

ఆక్వా_శీను
ఇంత ప్రమాదం ఉన్న మందు దేనికి? లైట్ పెట్టి తగ్గిస్తారని విన్నాను, ఇంజెక్షన్లు కూడా ఉన్నాయట.

పొదిలి_పద్మ
లైట్ నేను తీసుకున్నాను, చేతులు, కాళ్లు పెట్టే చిన్న మిషన్. పని చేసింది. కానీ వారానికి రెండు మూడుసార్లు నెలల తరబడి వెళ్లాలి. పొదిలి నుంచి ఒంగోలు బస్సులో తిరగలేక ఆపేశాను. గుంటల మీద పనివాడికి కుదురుతుందా?

చర్మం_డాక్టరమ్మ
కొత్త బయోలాజిక్ ఇంజెక్షన్లు గోళ్లకు కూడా బాగా పనిచేస్తాయి, కానీ ఖర్చు ఎక్కువ, ముందు టీబీ లేదని తేల్చుకోవాలి. మధ్యలో అప్రెమిలాస్ట్ అనే మాత్ర ఉంది, దానికి రక్త పరీక్షల బాదరబందీ తక్కువ, మొదట్లో విరేచనాలు, వికారం ఉంటాయి. ఏది ముందు అనేదాని మీద మా డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నేనైతే ఈ కేసులో మెథోట్రెక్సేట్‌తోనే మొదలుపెట్టేదాన్ని.

గుంటగట్టు_రమణ
గోళ్లు ఎప్పటికి మామూలవుతాయి?

చర్మం_డాక్టరమ్మ
చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాలి గోరు అందులో సగం కూడా పెరగదు. జబ్బు ఇవాళ ఆగినా, పాత చుక్కలు ముందుకు జరిగి కత్తిరించుకుపోవాలి. చేతి గోళ్లకు ఆరు నెలలు, కాలి బొటనవేలికి ఏడాది నుంచి ఏడాదిన్నర లెక్కేసుకోండి. మందు పనిచేస్తోందో లేదో గోరు మొదట్లో చూడండి. అక్కడ చుక్కల్లేని కొత్త గోరు వస్తుంటే దారిలో పడ్డట్టే. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి, కింద పుల్లతో గీకి శుభ్రం చేయకూడదు, అలా గీకితే ఇంకా లేస్తాయి. ఒకటి రెండు గోళ్లే మొండికేస్తే గోటి మొదట్లో స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేస్తాం, నొప్పి బాగా ఉంటుంది. ఇది ఒంటికి వేసే ఇంజెక్షన్ లాంటిది కాదు. అన్ని గోళ్లకూ ఉన్నవారికి అది పనికిరాదు.

ఇంకొకటి అడగాలి. గోళ్లకు సొరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. వేళ్ల చివరి కణుపులు వాచాయా? పొద్దున లేవగానే బిగుసుకుపోవడం ఉందా?

గుంటగట్టు_రమణ
వేళ్లు బాగానే ఉన్నాయి. మడమ మాత్రం పొద్దున్నే గంటసేపు నేల మీద మోపలేడు. పగుళ్ల వల్ల అనుకున్నాం.

చర్మం_డాక్టరమ్మ
పగులు నొప్పి నడిచేకొద్దీ పెరుగుతుంది. లేవగానే ఎక్కువగా ఉండి, తిరిగేకొద్దీ తగ్గితే మడమ ఎముకకు కండరపు తాడు అతుక్కునే చోట వాపు ఉందేమో చూడాలి. మడమ వెనక, అడుగున వేలితో నొక్కి చూడమనండి. ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ కనిపించకపోవచ్చు, స్కాన్ అడగండి. కీళ్లకు పాకిందని తేలితే మెథోట్రెక్సేట్ మోతాదు, మందు ఎంపిక రెండూ మారొచ్చు.

పొదిలి_పద్మ
నాకు మొదట మడమే రమణా. షుగర్ వల్ల అన్నారు, చెప్పులు మార్చమన్నారు. ఆలస్యం చేయకు.

గుంటగట్టు_రమణ
నొక్కి చూశాం. వెనక భాగంలో ముట్టుకుంటే అరుస్తున్నాడు, పగుళ్లు లేని చోట. గురువారం ఓపీకి తీసుకెళ్తున్నాను, గోరు ముక్క రిపోర్టు కూడా ఆ రోజే ఇస్తారట. మెథోట్రెక్సేట్ ఆదివారం అని స్ట్రిప్ మీద వదిన రాసి పెట్టింది.

ఆక్వా_శీను
రిపోర్టులో ఫంగస్ కూడా ఉందని వస్తే రెండు మందులూ కలిపి వాడొచ్చా మేడమ్?

చర్మం_డాక్టరమ్మ
రెండూ కాలేయం మీదే పడతాయి. అలా వస్తే గోరు మీద పూసే లక్కర్‌తో సరిపెట్టడమా, మాత్రలు వంతులవారీగా ఇవ్వడమా అనేది ఆయన కాలేయం పరీక్ష చూసి తేల్చాలి. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి రమణ గారూ.